ఒకే గీత, మూడు శ్రేణులు: గెంతు దగ్గర ఫోరియర్ శ్రేణి ఏ విలువ ఇస్తుంది?

అందరికీ నమస్కారం. బోర్డు మీద ఒక చిన్న గీత గీశాను, చూడండి. సున్నా దగ్గర మొదలై π దగ్గర ఆగిపోయే వాలు గీత. సూత్రం చాలా తేలిక: 0 < x < π మీద f(x) = x. ఈ గంటంతా మనం ఈ గీతను వదలబోవడం లేదు.

ముందు ఒక ప్రశ్న. దీనికి ఫోరియర్ శ్రేణి రాసి, అందులో x = π పెడితే ఏమొస్తుంది? π అని కొందరంటారు, సున్నా అని కొందరు, π/2 అని ఇంకొందరు. మూడూ సరైన జవాబులే. ఎందుకంటే నేను అడిగిన ప్రశ్నే సగం ప్రశ్న. సున్నాకీ πకీ మధ్య ఏముందో చెప్పాను గానీ, π దాటాక ఏముందో చెప్పలేదు. ఫోరియర్ శ్రేణిలో ప్రతి పదమూ ఆవర్తన ప్రమేయమే. కాబట్టి దాని మొత్తం కూడా సంఖ్యారేఖ అంతటా పరుచుకుని ఉంటుంది. మనం గీయకుండా వదిలేసిన చోట కూడా శ్రేణికి ఏదో ఒక విలువ ఉంటుంది. ఆ చోట ఏం ఉండాలో మనం నిర్ణయిస్తే తప్ప గుణకాలు కట్టలేం.

ఇప్పుడు ఆ నిర్ణయం చేద్దాం. మొదట పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే రూపం తీసుకుంటాను. ఎడమ వైపు సున్నా, కుడి వైపు వాలు గీత, ఆవర్తనం 2π.

f(x) = 0, −π < x < 0
f(x) = x, 0 < x < π
f(x + 2π) = f(x)

దీన్ని కనీసం మూడు ఆవర్తనాల పాటు గీసి చూడండి. నేలమీద పడుకున్న గీత, తర్వాత ఎక్కుడు, π దగ్గర ఒక్కసారిగా సున్నాకు పడిపోవడం, మళ్లీ నేల. ఈ బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టడమే చాలా తప్పులకు మూలం. సూత్రంలో గెంతు ఎక్కడా కనిపించదు. బొమ్మ గీస్తేనే కనిపిస్తుంది, అదీ ఒక ఆవర్తనం గీస్తే చాలదు, పక్క ఆవర్తనాన్ని ఆనించి గీయాలి.

గుణకాలు కడదాం. a₀ = (1/π)∫ f(x) dx, −π నుంచి π వరకు. ఎడమ సగంలో ఏమీ లేదు. కుడి సగంలో π²/2 వస్తుంది. కాబట్టి a₀ = π/2, శ్రేణిలో రాసే స్థిరపదం a₀/2 = π/4. ఇది సరేనా కాదా అని తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. స్థిరపదం అంటే ఒక ఆవర్తనం మీద సగటు ఎత్తు. త్రిభుజ వైశాల్యం π²/2, దాన్ని ఆవర్తనం 2πతో భాగిస్తే π/4. సరిపోయింది. కొన్ని పుస్తకాల్లో స్థిరపదాన్నే a₀ అని రాస్తారు, కొన్నింట్లో a₀/2 అని రాస్తారు. సూత్రం ఒక పుస్తకం నుంచి, శ్రేణి రూపం ఇంకో పుస్తకం నుంచి తీసుకుంటే సరిగ్గా రెండు రెట్ల తేడా వస్తుంది. సగటు ఎత్తుతో పోల్చి చూస్తే అది వెంటనే దొరికిపోతుంది.

ఇక aₙ. బై పార్ట్స్ చేస్తే

aₙ = (1/π) [ x sin nx / n + cos nx / n² ], 0 నుంచి π వరకు
   = ((−1)ⁿ − 1) / (πn²)

n సరి సంఖ్య అయితే సున్నా. బేసి అయితే −2/(πn²). ఈ సూత్రంలో n = 0 పెట్టి a₀ తీయాలని చూడకండి, హారంలో సున్నా వస్తుంది. n తో భాగించిన క్షణం నుంచి అది n ≥ 1 కి మాత్రమే చెల్లే సూత్రం.

bₙ కూడా అలాగే.

bₙ = (1/π) [ −x cos nx / n + sin nx / n² ], 0 నుంచి π వరకు
   = (−1)ⁿ⁺¹ / n

ఇక్కడ చాలామంది cos nπ ని 1 అని రాసేస్తారు. అది cos 2nπ. cos nπ విలువ (−1)ⁿ. ఈ ఒక్క గుర్తు పోతే ఏమవుతుందో చూడండి: bₙ అన్నీ −1/n అయిపోతాయి, గెంతు π దగ్గర నుంచి సున్నా దగ్గరికి జరిగిపోతుంది. బొమ్మలో గెంతు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆ తప్పును పట్టేస్తారు. గుర్తులు ఒకటి తర్వాత ఒకటి మారుతుంటే గెంతు π దగ్గర, అన్నీ ఒకే గుర్తుతో ఉంటే గెంతు సున్నా దగ్గర.

మొత్తం కలిపి రాస్తే:

f(x) ~ π/4 − (2/π)[ cos x + cos 3x/9 + cos 5x/25 + … ] + [ sin x − sin 2x/2 + sin 3x/3 − … ]

సమానం గుర్తు పెట్టలేదు, గమనించండి. ఎక్కడ సమానమో ఇంకా తేల్చలేదు కాబట్టి.

ఒక ప్రశ్న వచ్చింది: "x బేసి ప్రమేయం కదా, మరి aₙ ఎందుకు సున్నా కాలేదు?" మంచి ప్రశ్న, దీని దగ్గర కాసేపు ఆగాలి. సరి, బేసి అనేవి సూత్రానికి ఉండే గుణాలు కావు. మొత్తం గ్రాఫుకు ఉండే గుణాలు. f(−x) ఎంతో చూడాలంటే ఎడమ వైపు ఏముందో తెలియాలి. మన f కి ఎడమ వైపు సున్నా ఉంది. f(−1) = 0, f(1) = 1. అది సరీ కాదు, బేసీ కాదు. ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది: 0 < x < 2π మీద f(x) = x, ఆవర్తనం 2π అని ఇస్తే, x చూసి బేసి అనేసి స్థిరపదం కొట్టేస్తారు. అక్కడ సగటు ఎత్తు π. అందులోంచి πని తీసేసిన తర్వాత మిగిలింది బేసి. అంతే.

మళ్లీ మన శ్రేణిని చూడండి. అందులో కొసైన్‌లు ఒక జట్టు, సైన్‌లు ఒక జట్టు. ఈ జట్లు ఏమిటి? ఏ ప్రమేయాన్నైనా ఒక సరి భాగంగా, ఒక బేసి భాగంగా విడగొట్టవచ్చు. సరి భాగం (f(x) + f(−x))/2, బేసి భాగం (f(x) − f(−x))/2. మన f కి సరి భాగం |x|/2, బేసి భాగం x/2. ఎడమ వైపు అవి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కుడి వైపు కలిసి x అవుతాయి. అంటే స్థిరపదమూ కొసైన్‌లూ కలిసి |x|/2 కి శ్రేణి, సైన్‌లు x/2 కి శ్రేణి. రెంటినీ రెండుతో గుణిస్తే చాలు, హాఫ్ రేంజ్ శ్రేణులు రెండూ కొత్త సమాకలనం లేకుండా చేతికొస్తాయి.

సరి విస్తరణ: x = π/2 − (4/π)[ cos x + cos 3x/9 + cos 5x/25 + … ]
బేసి విస్తరణ: x = 2[ sin x − sin 2x/2 + sin 3x/3 − … ]

రెండూ 0 < x < π మీద అదే వాలు గీతను ఇస్తాయి. అంతరం బయట మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు. సరి విస్తరణ అంటే సున్నా దగ్గర అద్దం పెట్టడం: ఎడమ వైపు |x| వస్తుంది, దాన్ని 2π చొప్పున పరిస్తే ఎక్కుడు దిగుడు గుడారాల వరస. ఎక్కడా తెగదు. బేసి విస్తరణ అంటే మూలబిందువు చుట్టూ సగం చుట్టు తిప్పడం: ఎడమ వైపు −π వరకు దిగే గీత వస్తుంది. దాన్ని పరిస్తే π దగ్గర π ఎత్తు నుంచి −π లోతుకు పడిపోయే రంపపు పళ్లు. గెంతు పరిమాణం 2π.

మూడో దారి కూడా ఉంది. అద్దమూ వద్దు, తిప్పడమూ వద్దు, ఉన్న ముక్కనే π ఆవర్తనంతో పక్కపక్కన పరిచేస్తే:

x = π/2 − [ sin 2x + sin 4x/2 + sin 6x/3 + … ]

ఇందులోనూ గెంతు ఉంది, పరిమాణం π. ఇప్పుడు మూడింటిలోనూ x = π పెట్టండి. సరి విస్తరణ π ఇస్తుంది. బేసి విస్తరణలో ప్రతి పదమూ sin nπ, కాబట్టి సున్నా. మూడోదానిలో సైన్‌లన్నీ పోయి π/2 మిగులుతుంది. మొదట్లో మీరు చెప్పిన మూడు జవాబులూ ఇవే.

ఎందుకిలా? శ్రేణికి f(π) తెలియదు. గుణకాలు సమాకలనం నుంచి వస్తాయి, సమాకలనానికి ఒక్క బిందువు కనిపించదు. f(π) = 100 అని రాసుకున్నా ఒక్క గుణకం కూడా మారదు. మారనప్పుడు శ్రేణి ఇచ్చే విలువ f(π) మీద ఆధారపడే వీలే లేదు. అది ఇరుగు పొరుగు చూసి చెప్పాలి: ఎడమ అవధి, కుడి అవధి. సరి విస్తరణలో π కి ఎడమనా కుడినా π, సగటు π. బేసి విస్తరణలో π, −π, సగటు 0. మూడోదానిలో π, 0, సగటు π/2.

సగటే ఎందుకు, ఎడమ అవధి ఎందుకు కాకూడదు అంటారా? మన మొదటి f మీదే చూపిస్తాను. f = |x|/2 + x/2 అని విడగొట్టాం. మొదటి భాగం π దగ్గర తెగలేదు. దాని కొసైన్ గుణకాలు 1/n² చొప్పున తగ్గుతాయి కాబట్టి శ్రేణి అన్నిచోట్లా దాని విలువకే చేరుతుంది: π దగ్గర π/2. గెంతు మొత్తం రెండో భాగంలో ఉంది. π/2 నుంచి −π/2 కి. కానీ ఆ భాగం π చుట్టూ కూడా బేసిగానే ఉంది: π కి t దూరం కుడికి వెళితే ఎంతో, t దూరం ఎడమకు వెళితే దానికి సరిగ్గా వ్యతిరేకం. దాని ప్రతి సైన్ పదమూ π దగ్గర సున్నాను దాటుతుంది. సున్నాలు ఎన్ని కూడినా సున్నాయే. అది π/2, −π/2 ల నడి విలువ. మొత్తం π/2 + 0 = π/2. అసలు f కి ఎడమ అవధి π, కుడి అవధి 0, సగటు π/2. ఏ గెంతునైనా ఇలాగే తగిన సైజు రంపపు పన్నును తీసేసి, మిగిలినదాన్ని తెగని ప్రమేయంగా చూడవచ్చు.

ఫోరియర్ 1807లో ఉష్ణ ప్రసరణ మీద పత్రం సమర్పించినప్పుడు, 1822లో పుస్తకం వేసినప్పుడు కూడా శ్రేణి ఎక్కడ ఏ విలువకు చేరుతుందనే దానికి గట్టి రుజువు లేదు. 1829లో డిరిక్లే ఇచ్చాడు. మన అవసరానికి దాని సారం ఇది: ఆవర్తనాన్ని కొన్ని, లెక్కపెట్టగలిగినన్ని ముక్కలుగా చేసినప్పుడు ప్రతి ముక్కలోనూ ప్రమేయం నునుపుగా ఉండి, ముక్కల కొసల్లో ప్రమేయానికీ అవకలజానికీ పరిమితమైన అవధులు ఉంటే, శ్రేణి ప్రతి బిందువు దగ్గరా (ఎడమ అవధి + కుడి అవధి)/2 కి చేరుతుంది. పరిమితమైన అనే మాటను వదలకండి. tan x వంటిది π/2 దగ్గర అనంతానికి పోతుంది. అక్కడ సగటు తీయడానికి రెండు సంఖ్యలు లేవు.

దీని వల్ల పరీక్షలో ఎక్కడ దెబ్బతింటారో చూద్దాం. మామూలుగా అడిగేది: ఈ శ్రేణి నుంచి 1 + 1/9 + 1/25 + … = π²/8 అని చూపించండి. మొదటి f శ్రేణిలో x = 0 పెడితే తేలికగా వస్తుంది. అక్కడ f తెగలేదు, విలువ సున్నా. 0 = π/4 − (2/π)S, కాబట్టి S = π²/8. కానీ x = π పెట్టి, సూత్రంలో చూసి f(π) = π అని రాసినవాళ్లకు π = π/4 + (2/π)S వస్తుంది. S = 3π²/8, అంటే సుమారు 3.70. ఇది తప్పని ఎలా తెలుస్తుంది? నాలుగు పదాలు కూడండి: 1 + 0.1111 + 0.04 + 0.0204 = 1.1715. మిగతా పదాలు ఎంత చిన్నవో చూస్తే ఇది 3.70 కి ఎన్నటికీ చేరదని అర్థమవుతుంది. అసలు విలువ π²/8 = 1.2337. ఎడమ పక్కన π బదులు సగటు π/2 రాస్తే π/2 = π/4 + (2/π)S, అదే π²/8 వస్తుంది. x = π దగ్గర శ్రేణిని n = 9 వరకు కూడితే 1.539, n = 99 వరకు కూడితే 1.5676. π/2 అంటే 1.5708. అటే వెళుతోంది.

ఇదే శ్రేణిలో x = π/2 పెట్టండి. కొసైన్‌లన్నీ సున్నా, సైన్‌ల నుంచి 1 − 1/3 + 1/5 − … = π/4 వస్తుంది. కేరళ గణిత సంప్రదాయం మాధవుడికి ఆపాదించే శ్రేణి ఇదే. ఇక్కడ మరో దారి నుంచి మన చేతికి వచ్చింది.

మరి సరి విస్తరణా, బేసి విస్తరణా, ఏది ఎంచుకోవాలి? చాలాసార్లు ఎంపిక మన చేతిలో ఉండదు. కడ్డీలో ఉష్ణ ప్రసరణ లెక్కలో రెండు కొసలూ సున్నా డిగ్రీల దగ్గర పట్టి ఉంచితే సైన్ శ్రేణి కావాలి, ఎందుకంటే ప్రతి సైన్ పదమూ కొసల్లో సున్నా. కొసల్లోంచి ఉష్ణం పోకుండా మూసేస్తే అక్కడ వాలు సున్నా కావాలి, కాబట్టి కొసైన్ శ్రేణి. ఎంపిక చేతిలో ఉన్నప్పుడు మాత్రం గెంతు ఎక్కడ పుడుతుందో చూసుకోండి. తెగని ప్రమేయానికి సరి విస్తరణ ఎప్పుడూ తెగదు. బేసి విస్తరణ తెగకుండా ఉండాలంటే f(0) = 0, f(π) = 0 రెండూ కావాలి. మన గీతకు మొదటిది ఉంది, రెండోది లేదు. అందుకే కొసైన్ గుణకాలు 1/n² చొప్పున, సైన్ గుణకాలు 1/n చొప్పున తగ్గాయి. గుణకాలు 1/n లా తగ్గుతున్నాయంటే ఎక్కడో గెంతు ఉందని అర్థం. బొమ్మలో గెంతు లేకుండా లెక్కలో 1/n వస్తే లెక్క మళ్లీ చూసుకోవాలి.

గెంతు దగ్గర ఇంకో సంగతి ఉంది. శ్రేణిని కంప్యూటర్‌లో గీసినవాళ్లు దాన్ని చూసి ప్రోగ్రామ్‌లో తప్పు ఉందనుకుంటారు. బేసి విస్తరణలో మొదటి N పదాలు తీసుకుంటే, π కి కొంచెం ముందు, సరిగ్గా x = π − π/(N+1) దగ్గర, గ్రాఫు గీతను మించి ఒక ముక్కులా లేస్తుంది. పది పదాలకు x సుమారు 2.856, అక్కడ మొత్తం సుమారు 3.41. మించినది 0.56. వంద పదాలకు x సుమారు 3.110, మొత్తం 3.67. మించినది మళ్లీ 0.56. ముక్కు గెంతు వైపు జరుగుతుంది, సన్నబడుతుంది, ఎత్తు మాత్రం తగ్గదు. గెంతు పరిమాణం 2π లో అది దాదాపు 9 శాతం, ఏ గెంతుకైనా అంతే. దీన్ని గిబ్స్ పేరుతో పిలుస్తారు. ఆయన 1899లో వివరించాడు, అంతకు ముందే 1848లో విల్‌బ్రహమ్ గుర్తించాడు.

ఇది సగటు సిద్ధాంతానికి విరుద్ధం కాదా? కాదు. x = 3.1 అని ఒక బిందువును కదలకుండా పట్టుకుని N పెంచండి. కొన్నాళ్లకు ముక్కు ఆ బిందువును దాటి πకి దగ్గరగా వెళ్లిపోతుంది, మొత్తం 3.1 కే చేరుతుంది. సరిగ్గా π దగ్గర ప్రతి N కీ సున్నాయే. ముక్కును వెంటాడుతూ బిందువును కూడా జరుపుకుంటూ పోతేనే ఆ 0.56 కనిపిస్తుంది. అందుకే గెంతు ఉన్న చోట "ఇన్ని పదాలు తీసుకుంటే అంతటా ఇంతకంటే తప్పు ఉండదు" అని హామీ ఇవ్వలేం. సరి విస్తరణలో ఇవ్వగలం. N కొసైన్ పదాలు తీసుకుంటే అన్నిటికంటే పెద్ద తేడా కొసల్లోనే వస్తుంది, అది సుమారు 1/(πN). పది పదాలకు 0.032.

చివరగా అవకలనం గురించి అడిగారు. బేసి విస్తరణను పదం పదం అవకలనం చేస్తే 2[ cos x − cos 2x + cos 3x − … ] వస్తుంది. x అవకలజం 1 కదా, ఇది 1 కి చేరాలి కదా? చేరదు. పదాలు సున్నా వైపే వెళ్లడం లేదు, ఎక్కడా అభిసరించదు. కారణం గెంతు. అక్కడ వాలు అనేదే లేదు. సరి విస్తరణను అవకలనం చేయండి:

(4/π)[ sin x + sin 3x/3 + sin 5x/5 + … ]

ఇది 0 < x < π మీద సరిగ్గా 1 కి చేరుతుంది. ఎడమ వైపు −1. గుడారానికి శిఖరాల్లోనూ పాదాల్లోనూ మూల ఉంది గానీ తెగడం లేదు కాబట్టి ఈ పని సాగింది. సున్నా దగ్గర ఈ శ్రేణి విలువ చూడండి, సున్నా. |x| కి అక్కడ ఎడమ వాలు −1, కుడి వాలు 1. |x| కి అక్కడ అవకలజం లేదు, అయినా శ్రేణి ఆ రెండు వాలుల సగటునే ఇచ్చింది.